మందపాటి సాక్సుల కోసం సేఫ్టీ షూ నంబరు ఎంత పెంచాలి?

ప్రశ్న: "భీమవరం దగ్గర రొయ్యల ఎగుమతి కంపెనీలో కోల్డ్ స్టోర్ సూపర్‌వైజరుగా చేరానండి. లోపల మైనస్ 18. స్టీల్ టో సేఫ్టీ షూ సొంతంగా కొనుక్కోమని డబ్బులిచ్చారు. మామూలుగా నాది 8 నంబరు. లోపలికి ఉన్ని సాక్సులు వేసుకోవాలి, చలి మరీ ఎక్కువైతే రెండు జతలు వేద్దామనుకుంటున్నాను. 9 తీసుకోనా, 10 తీసుకోనా? షాపాయన మాత్రం 8 తీసుకోండి, వాడగా వాడగా అవే వదులవుతాయి అంటున్నాడు."

10 వద్దండి. షాపాయన చెప్పిన 8 కూడా తొందరపడి తీసుకోకండి. ముందు వెడల్పు ఎక్కువున్న మోడల్లో 8 వేసి చూడండి. అందులో బొటనవేలు ముందు తగులుతుంటే అదే వెడల్పు మోడల్లో 9 తీసుకోండి. అంతకు మించి పెంచొద్దు. రెండు జతల సాక్సుల ఆలోచన మానేసి, ఒక్క మంచి మందపాటి జత వేసుకోండి. షాపుకి వెళ్లేటప్పుడు ఆ జత జేబులో పెట్టుకుని వెళ్లండి. లోపల వేసుకోబోయే సాక్సుతో కాకుండా సన్న సాక్సుతో కొలుచుకుంటే ఆ కొలత పనికిరాదు.

నేను మొదట షిప్ ఫ్యాబ్రికేషన్ యార్డులో, ఆ తర్వాత సముద్ర ఉత్పత్తుల కంపెనీల్లో స్టోర్సు, సేఫ్టీ చూశాను. అంతా కలిపి ఇరవై ఏళ్లు దాటింది. ఈ షూల గొడవ నా టేబుల్ మీదకి రాని నెల లేదు. ఎందుకిలా చెబుతున్నానో వివరంగా రాస్తాను.

"వాడగా వదులవుతాయి" అన్న మాట సగమే నిజం. మామూలు తోలు షూ నాలుగు రోజులు నడిస్తే పాదానికి తగ్గట్టు సాగుతుంది. సేఫ్టీ షూలో కూడా చీలమండ దగ్గర, పాదం పైభాగంలో తోలు అలాగే సాగుతుంది. వేళ్ల మీదున్నది మాత్రం ఇనప గిన్నె. ఇరవై కిలోల బరువు మీటరు ఎత్తు నుంచి పడినా వేళ్లకి చోటు మిగిలేలా చేసిన గిన్నె అది. 200 జౌల్ అని రాసుండేది దాని గురించే. అంత దెబ్బకే వంగనిది మీ చిటికెన వేలు ఆరు నెలలు తోస్తే వంగుతుందా? మొదటి రోజు వేళ్ల దగ్గర ఎంత బిగుతుగా ఉందో, షూ పారేసే రోజు కూడా అంతే బిగుతుగా ఉంటుంది. మధ్యలో మారేదల్లా మీ వేళ్ల మీద చర్మమే.

మామూలు షూ కొనే లెక్క ఇక్కడ తప్పేది అందుకే. మామూలు షూలో కొంచెం బిగుతైతే తోలు సర్దుకుంటుంది. ఇందులో వేళ్ల దగ్గర సర్దుబాటు అనేది లేదు. మందపాటి సాక్సు తినేది సరిగ్గా అక్కడి చోటునే.

సాక్సు ఎక్కడ ఎంత చోటు తింటుందో చూద్దాం. మీ 8 నంబరు ఇంగ్లండు లెక్క. అందులో ఒక నంబరు పెరిగితే పొడవు అంగుళంలో మూడో వంతు, అంటే ఎనిమిదిన్నర మిల్లీమీటర్లు పెరుగుతుంది. వేళ్ల మొదళ్ల దగ్గర చుట్టుకొలత పెరిగేది సుమారు పావు అంగుళం, ఆరు మిల్లీమీటర్ల పైచిలుకు. ఇక సాక్సు సంగతి. ఆఫీసుకి వేసుకునే సన్న సాక్సు మందం మిల్లీమీటరు అనుకోండి. లోపల దూదిలా పోగులున్న ఉన్ని సాక్సు, మెల్లగా నొక్కి కొలిస్తే, రెండున్నర దాకా ఉంటుంది. తేడా ఒకటిన్నర. పొడవులో ఆ తేడా రెండు చోట్లే కలుస్తుంది, మడమ వెనకొకటి, వేళ్ల ముందొకటి. మొత్తం మూడు మిల్లీమీటర్లు. చుట్టుకొలతలో మాత్రం పాదం చుట్టూ తిరిగి వస్తుంది కాబట్టి ఒకటిన్నరని సుమారు ఆరుంబావుతో హెచ్చవేయాలి. తొమ్మిది, పది మిల్లీమీటర్లు వస్తుంది.

అంటే సాక్సు అడిగేది పొడవులో 3, చుట్టూ 9. నంబరు పెంచితే షూ ఇచ్చేది పొడవులో 8, చుట్టూ 6. మనకి కావలసినచోట తక్కువ ఇస్తుంది, అక్కర్లేనిచోట ఎక్కువ ఇస్తుంది. "వేళ్ల దగ్గర పట్టేస్తోంది, మడమ మాత్రం లేచిపోతోంది, ఇదేం షూ సార్" అని మనుషులు వచ్చి అడిగేది ఇందుకే. రెండు ఫిర్యాదులూ ఒకే షూ మీద వస్తాయి, రెండూ నిజమే. ఉన్ని కొంత నలుగుతుంది, పైన తోలు కొంత సాగుతుంది కాబట్టి అసలు తేడా కాగితం మీద లెక్కంత ఉండకపోవచ్చు. కానీ అది లాగే వైపు మాత్రం అదే. అందుకే నంబరు కంటే ముందు వెడల్పు చూడమంటున్నాను. కొన్ని కంపెనీలు వెడల్పు ఎక్కువున్న అచ్చుతో విడిగా మోడళ్లు చేస్తాయి. షాపులో "వైడ్ ఫిట్" అని అడగండి. వాళ్లకి అర్థం కాకపోతే ముందుభాగం గుండ్రంగా, ఎత్తుగా ఉన్న మోడళ్లు తీయించండి. ముందు సన్నగా, చూడటానికి ఆఫీసు షూలా ఉండేవి ముట్టుకోకండి. అవి ఫ్యాక్టరీకి చుట్టపుచూపుగా వచ్చే మేనేజర్లకి పనికొస్తాయి.

మరి "పెద్దదైతే ఏం పోయింది, లోపల సాక్సు నింపుతుంది కదా" అంటారేమో. 10 వద్దన్నది ఇక్కడే. స్టీల్ క్యాప్, అంటే ఆ ఇనప గిన్నె, లోపలి పొడవు పెద్దగా ఉండదు. సేఫ్టీ షూల ప్రమాణం అడిగే కనీస పొడవు, 8 నంబరుకి 39 మిల్లీమీటర్లు, 9, 10 నంబర్లకి 40. నంబరు పెరిగినా క్యాప్ మిల్లీమీటరుకి మించి పెరగక్కర్లేదు, షూ మాత్రం ఒక్కో నంబరుకి ఎనిమిదిన్నర చొప్పున పొడుగవుతుంది. షూ పొడుగైన కొద్దీ మీ వేళ్లు క్యాప్ కింద నుంచి వెనక్కి జరుగుతాయి. సరైన షూలో బొటనవేలి ముందు 12 మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి, నడిచేటప్పుడు పాదం ముందుకి జరుగుతుంది కాబట్టి. 8 నంబరు మీకు అలా సరిపోయిందనుకుంటే క్యాప్ కింద ఉండేది 27 మిల్లీమీటర్ల బొటనవేలు. అదే సాక్సుతో 10 వేశారంటే ఖాళీయే 29 అవుతుంది, క్యాప్ కింద మిగిలేది 11. బొటనవేలి గోరు కూడా పూర్తిగా లోపల ఉండదు. చిటికెన వేలు మొదటే వెనకుంటుంది, దానికి కాపలా ఉన్నట్టే కాదు. పనిలో రెండు టన్నుల సరుకుతో ప్యాలెట్ ట్రక్కు చక్రం పాదం మీదకి వచ్చేది పక్కనుంచే కదా.

ఇంకో ఇబ్బంది కూడా ఉంది. షూ వంగాల్సిన గీత, పాదం వంగే గీత ఒకేచోట పడాలి. షూ పొడుగైతే దాని మడత ముందుకి జరిగి సరిగ్గా వేళ్ల మీద పడుతుంది. పక్కనే క్యాప్ వెనక అంచు ఉంటుంది. కింది అరలో పెట్టెలు సర్దడానికి మోకాలి మీద కూర్చున్న ప్రతిసారీ ఆ మడత, ఆ అంచు కలిసి వేళ్లని నొక్కుతాయి. సాయంత్రానికి వేళ్ల మీద అడ్డంగా ఎర్రటి గీత పడుతుంది. దీన్ని చూసి చాలామంది షూ బిగుతైందనుకుని ఇంకో నంబరు పెంచుతారు. అప్పుడు గీత ఇంకా ముదురుతుంది.

మా దగ్గర జరిగిన ఒక కేసు చెబుతాను. కాకినాడ వైపు కోల్డ్ స్టోరులో ఉండగా ఒక లోడింగ్ కుర్రాడు వచ్చాడు. చెప్పులు 8, స్టోర్స్ ఇచ్చిన షూ 8. ఉన్ని సాక్సుతో లోపల గంట పనిచేస్తే చిటికెన వేళ్లు రెండూ మొద్దుబారిపోతున్నాయన్నాడు. వాళ్ల ఫోర్‌మన్ "చలికి ఎవరికైనా అంతే" అని రెండో జత సాక్సులు ఇచ్చాడట. రెండు వేశాక వేళ్లు ఇంకా తొందరగా మొద్దుబారాయి.

గోడకి ఆనించి నేల మీద కాగితం పరిచాం. మడమ గోడకి తాకేలా నిలబెట్టి, పెన్సిలు నిటారుగా పెట్టి, పొడుగైన వేలి దగ్గర గీత గీశాం. సాయంత్రం డ్యూటీ అయ్యాకే కొలిచాం, ఎందుకంటే రోజంతా నిలబడ్డ పాదం పొద్దుటి కంటే ఉబ్బి ఉంటుంది. ఎడమ పాదం 263, కుడి 266. ఇలా రెండింటికీ తేడా రావడం మామూలే, ఎప్పుడూ పెద్దదాన్నే లెక్కలోకి తీసుకోవాలి. మందపాటి సాక్సుతో కుడి పాదం 270 వచ్చింది. వేళ్ల మొదళ్ల చుట్టూ దర్జీ టేపు వదులుగా తిప్పితే ఉత్త పాదానికి 250, ఆ సాక్సుతో 265.

నంబరు లెక్కలో 8కి లోపలి పొడవు సుమారు 279, 9కి 288. సాక్సుతో అతని పాదం 270 కాబట్టి 8లో తొమ్మిదే మిగులుతుంది. కావలసిన పన్నెండుకి మూడు తక్కువ. 9లో పద్దెనిమిది మిగులుతుంది, ఆరు ఎక్కువ. అతనికి సరైనది ఎనిమిదిన్నర, కానీ మన దగ్గర సేఫ్టీ షూల్లో అర నంబర్లు దొరకడం అరుదు. దొరికితే అదే తీసుకునేవాణ్ణి.

మూడు జతలు తెప్పించి వేసి చూపించాను. అదే మోడల్లో 9 వేస్తే బొటనవేలికి హాయిగా ఉంది, చిటికెన వేలు మాత్రం ఇంకా క్యాప్ గోడకి ఒరుసుకుంటోంది, మడమేమో అడుగడుక్కీ లేస్తోంది. వెడల్పు మోడల్లో 8 వేస్తే వేళ్లన్నీ విడివిడిగా కదిలాయి, నిలబడితే బాగుంది. డాక్ దగ్గర ర్యాంపు మీద నుంచి కిందకి దిగమన్నాను. నాలుగో అడుగులో బొటనవేలు క్యాప్‌కి కొట్టుకుంది. చివరికి వెడల్పు మోడల్లో 9, చీలమండ దాటి ఎత్తున్నది ఇచ్చాం. మడమ కొంచెం లేస్తుంటే లేసు కట్టే పద్ధతి మార్చాం, అది కింద చెబుతాను. రెండో జత సాక్సులు తీసేశాడు. వారం తర్వాత అడిగితే వేళ్లు చల్లబడుతున్నాయి గానీ మొద్దుబారట్లేదన్నాడు. మైనస్ 18లో అంతకంటే ఆశించకూడదు కూడా.

ఆ ఫోర్‌మన్ ఇచ్చిన రెండో జత ఎందుకు ఎదురు తిరిగిందో మీకూ తెలియాలి. సాక్సు వెచ్చగా ఉంచేది దాని దారం వల్ల కాదు, పోగుల మధ్య నిలబడ్డ గాలి వల్ల. ఇనప గిన్నెలో ఇరుక్కుని నలిగిన సాక్సులో గాలి ఉండదు. పైగా వేళ్ల మీద ఒత్తిడి పడితే రక్తం సరిగ్గా ఆడదు, వేళ్లకి వెచ్చదనం తెచ్చేది ఆ రక్తమే. అందుకే చోటు లేని షూలో సాక్సు పెంచితే చలి పెరుగుతుంది. స్టీలు చలిని లోపలికి లాగుతుందనే మాటలో నిజం లేకపోలేదు. మీకు ఎంచుకునే వీలుంటే ఇనుముకి బదులు గట్టి ప్లాస్టిక్, ఫైబరు కలిపి చేసిన కాంపోజిట్ టో తీసుకోండి, దానికీ అదే 200 జౌల్ పరీక్ష ఉంటుంది. కానీ వేళ్లు మొద్దుబారాయని నా దగ్గరికొచ్చినవాళ్లలో ఎక్కువమందికి అసలు కారణం ఇరుకు, ఆ తర్వాత చెమట. స్టీలు ఆ తర్వాతే.

చెమట సంగతి మీ ఊళ్లో మరీ ముఖ్యం. లోపల మైనస్ 18, బయట డాక్ దగ్గర 35 డిగ్రీలు, పైన గోదావరి జిల్లాల ఉక్క. గంటలో నాలుగుసార్లు లోపలికీ బయటికీ తిరుగుతారు. బయట నిలబడి లారీ లెక్క రాసుకునేటప్పుడు పాదం చెమట పడుతుంది, ఆ తడి సాక్సుతోనే లోపలికి వెళతారు. నూలు సాక్సైతే ఆ తడిని పట్టుకుని కూర్చుంటుంది. ఉన్ని గానీ, ఉన్ని సింథటిక్ కలిసింది గానీ తీసుకోండి. డ్యూటీకి రెండు జతలు తీసుకెళ్లండి, ఒకదాని మీద ఒకటి వేయడానికి కాదు, టీ టైములో మార్చడానికి. మీరు వేద్దామనుకున్న రెండో జతకి అసలైన ఉపయోగం ఇదే.

ఉన్ని సాక్సు చర్మానికి గరుకుగా ఉంటే లోపల బాగా పలచటి సింథటిక్ సాక్సు ఒకటి వేసుకోవచ్చు. అది అర మిల్లీమీటరు కూడా ఉండదు. ఆ రెండూ కలిపి వేసుకునే షూ ట్రయల్ చూడండి.

షాపులో ఏం చేయాలంటే. సాయంత్రం వెళ్లండి. షూ లోపలున్న ఇన్‌సోల్ బయటికి లాగి నేల మీద పెట్టి, మీ మందపాటి సాక్సుతో దాని మీద నిలబడండి. మడమ దాని వెనక అంచుకి సరిపెట్టండి. బొటనవేలి ముందు వేలు వెడల్పు ఖాళీ కనిపించాలి. పక్కల నుంచి పాదం ఇన్‌సోల్ దాటి పొంగుతోందంటే ఆ మోడల్ మీకు ఇరుకు, నంబరుతో సంబంధం లేదు, పక్కన పెట్టేయండి. మామూలు షూ కొనేటప్పుడు ముందు బొటనవేలితో నొక్కి చూస్తాం కదా, ఇక్కడ స్టీలు అడ్డొస్తుంది కాబట్టి ఆ పద్ధతి పనిచేయదు. దానికి బదులు ఇన్‌సోల్ చూడటమే దారి.

ఇన్‌సోల్ ఎత్తు సంగతి చెప్పదు. అందుకని తర్వాత షూ వేసుకుని లేసులు బిగించి, లోపల వేళ్లని పైకెత్తి చూడండి. కదలాలి. క్యాప్ కప్పుకి గోళ్లు ఆనుతుంటే వద్దు. మోకాలి మీద కూర్చుని అర నిమిషం ఉండండి, పెట్టెలు ఎత్తేటప్పుడు ఎలా కూర్చుంటారో అలాగే. వేళ్ల మీద అంచు దిగుతుంటే ఆ షూ వద్దు. షాపు ముందు మెట్లుంటే దిగండి. దిగేటప్పుడు వేళ్లు కొట్టుకోకూడదు. ఎక్కేటప్పుడు మడమ కొద్దిగా, ఒకటి రెండు మిల్లీమీటర్లు లేస్తే పర్వాలేదు, కొత్త సోలు గట్టిగా ఉండటం వల్ల అది సహజం. వేలు దూరేంత లేస్తే వద్దు.

కొంతమంది షాపువాళ్లు ఇరుకైతే "ఇన్‌సోల్ తీసేసి వేసుకోండి, చోటొస్తుంది" అని సలహా ఇస్తారు. ఆ పని చేయకండి. ఇన్‌సోల్ పెట్టి అమ్మే షూని పరీక్షించేది కూడా ఇన్‌సోల్‌తోనే. దాన్ని తీస్తే కింద నుంచి వచ్చే చలికి అడ్డం కూడా పోతుంది. అలాగే వదులైన షూలో రెండో ఇన్‌సోల్ వేస్తే పాదం పైకి లేచి వేళ్లు క్యాప్ కప్పుకి తగులుతాయి. పొడవు తప్పు అలాగే ఉంటుంది, ఎత్తు తప్పు కొత్తగా వచ్చి చేరుతుంది.

మడమ కొంచెం లేచే షూకి లేసు ఇలా కట్టండి. పాదం పైభాగం వంపు తిరిగేచోట లేసుని ఒకసారి కాకుండా రెండుసార్లు మెలేసి బిగించండి. అక్కడ అది జారకుండా పట్టుకుంటుంది. దాని కింద, వేళ్ల వైపున్న వరసలు వదులుగా వదలండి, పైన చీలమండ దగ్గర గట్టిగా కట్టండి. మడమ వెనక్కి ఆనుకుంటుంది, వేళ్లకి చోటు ఉంటుంది. లేసు లేకుండా దూర్చుకునే మోడళ్లు మందపాటి సాక్సులకి పనికిరావు, ఈ సర్దుబాటుకి వాటిలో వీలుండదు.

వారం వాడాక పాదమే చెబుతుంది ఎక్కడ తప్పిందో. చిటికెన వేలి బయటి వైపు బొబ్బ కడితే వెడల్పు చాలలేదు. బొటనవేలి గోరు నల్లబడితే పొడవు చాలలేదు, లేదా లేసు వదులై పాదం ముందుకి జారుతోంది, ముందు లేసు మార్చి చూడండి. మడమ దగ్గర షూ కరిస్తే పొడవు ఎక్కువైంది. మీకు గానీ మీ మనుషుల్లో ఎవరికైనా గానీ షుగరు ఉండి పాదాల్లో స్పర్శ తగ్గితే ఈ గుర్తుల మీద ఆధారపడకూడదు, వాళ్లకి నొప్పి తెలియదు. రోజూ సాక్సు విప్పి కళ్లతో చూసుకోవాలి.

సూపర్‌వైజరు అన్నారు కాబట్టి రేపో మాపో మీ కింద వాళ్లకి ఇండెంటు పెట్టే పని కూడా మీ మీద పడుతుంది. నేను చేసిన తప్పు మీరు చేయకండి. ఒకసారి నలభై మందికి షూలు తెప్పించాల్సి వచ్చి, రిజిస్టరు పట్టుకుని వరసగా "నీ నంబరెంత" అని అడిగి రాసేశాను. అందరూ చెప్పుల నంబరే చెప్పారు. చెప్పుకి మడమ వెనక అరంగుళం బయటికొచ్చినా ఎవరూ పట్టించుకోరు కదా, సగం మంది నిజంగా వేసుకోవాల్సిన దానికంటే ఒక నంబరు తక్కువ చెప్పారు. పెట్టెలు వచ్చాక పదిహేను పైగా జతలు వెనక్కి పంపాలి. సప్లయరు సోలు మీద మట్టి అంటినవి తీసుకోనన్నాడు. అది అతని తప్పు కాదు, నాదే. ఆ తర్వాత నుంచి 7 నుంచి 11 దాకా ఒక్కో జత శాంపిల్ తెప్పించి, ఒక మందపాటి సాక్సు జత పక్కన పెట్టి, అందరినీ అట్ట మీద నడిపించి రాసుకునేవాణ్ణి. గంటన్నర పని. మీరు కొన్నది కూడా మొదటి రెండు రోజులు ఇంట్లో గచ్చు మీదే, అదే సాక్సుతో, అరగంట చొప్పున తిరగండి. బయట అడుగు పెట్టాక మార్చరు.

ఆన్‌లైన్లో కొంటే ఒక మెలిక ఉంది. 9 అని రాసున్నది ఇంగ్లండు నంబరా, అమెరికా నంబరా చూడండి. మగవాళ్ల షూల్లో అమెరికా 9 అంటే మన 8. 9 కొన్నాననుకుని 8 తెచ్చుకున్నవాళ్లు నాకు తెలుసు. పక్కనే యూరప్ నంబరు ఉంటుంది, దాన్ని బట్టి తేల్చుకోండి. మన 8కి 42, 9కి 43.

కొనేటప్పుడు షూ నాలుక మీద ఉండే ముద్ర కూడా చదవండి. మన ప్రమాణం IS 15298 రెండో భాగం, బయటిది ISO 20345. అదే వరసలో CI అని ఉంటే సోలు చలిని అడ్డుతుందని అర్థం. మైనస్ 17 దగ్గర అరగంట ఉంచినా లోపలి అడుగు వేడి పది డిగ్రీలకి మించి తగ్గకూడదని దానికి పరీక్ష. మీ గది మైనస్ 18 కాబట్టి CI ఉన్నదే తీసుకోండి, అది సాక్సు పని కొంత తగ్గిస్తుంది. అయితే లోపల బొచ్చు లైనింగు ఉన్న మోడలైతే ఆ లైనింగు కూడా చోటు తింటుంది, మందపాటి సాక్సుతో పాటు దాన్నీ కలిపి కొలుచుకోండి. అలాంటి షూకి ఒక్కోసారి మామూలు సాక్సే సరిపోతుంది, అప్పుడు నంబరు పెంచే గొడవే ఉండదు.

అదే ముద్రలో తయారైన నెల, ఏడాది ఉంటాయి. పాలియురెథేన్ సోలు మన కోస్తా తేమకి పెట్టెలో ఉన్నా మెల్లగా పాడవుతుంది. ఏళ్ల తరబడి గోడౌన్లో పడున్న జత తక్కువకి ఇస్తానంటే తీసుకోకండి, పైకి కొత్తగానే కనిపిస్తుంది, వేసుకున్న నెలకి సోలు బిస్కెట్టులా పొడిపొడిగా రాలుతుంది.